పాత సీఎన్‌సీ మెషీన్ ఎక్స్ఛేంజ్: డీలర్ కట్టిన ధరకీ, మన పుస్తకాల్లో ఉన్న విలువకీ తేడా వస్తే ఏం చేయాలి?

ప్రశ్న: మాది బాలానగర్‌లో చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, జాబ్‌వర్క్ చేస్తాం. 2019 అక్టోబర్ 1న జీఎస్టీ కాకుండా 16 లక్షలకు కొన్న సీఎన్‌సీ లేత్‌ని ఈ 2025 సెప్టెంబర్ 30న ఇచ్చేసి, 28 లక్షల కొత్తది తీసుకుంటున్నాం. పాతదానికి డీలర్ 7.5 లక్షలు కట్టాడు. మార్చి 31 బ్యాలెన్స్ షీట్‌లో దాని విలువ 10,42,667 ఉంది. అంటే దాదాపు 3 లక్షలు నష్టమేనా? ఆ తేడాని కొత్త మెషీన్ ఖరీదులో కలిపేయవచ్చా? జీఎస్టీ మిగిలిన 20.5 లక్షల మీద కడితే చాలని డీలర్ అంటున్నాడు, నిజమేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

కలపకూడదు. తేడా ఎంతైనా లాభనష్టాల ఖాతాకే వెళ్లాలి, కొత్త మెషీన్ ఖరీదులోకి రాకూడదు. మీరు చెప్పిన అంకెల ప్రకారం నష్టం 2,42,000. మూడు లక్షలు కాదు. జీఎస్టీ విషయంలో డీలర్ చెప్పింది తప్పు. అయితే మీరు అడగని ఇంకో ప్రశ్న ఉంది, నా దృష్టిలో అదే అసలైనది: ఆ 7.5 లక్షలు నిజంగా మీ పాత మెషీన్ ధరేనా? దాని సంగతి కొంచెం ఆగి చెబుతాను.

బాలానగర్, జీడిమెట్ల వైపు వర్క్‌షాపుల లెక్కలు రాయడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. లేత్‌లు, వీఎంసీలు, గ్రైండింగ్ మెషీన్లు ఎక్స్ఛేంజ్‌లో వెళ్లడం చాలాసార్లు చూశాను. గందరగోళం దాదాపు ప్రతిసారీ ఒకేచోట మొదలవుతుంది. బిల్లు మీద "తగ్గింపు: పాత మెషీన్" అని ఒక వరుస కనిపిస్తుంది. దాన్ని చూడగానే ఇదంతా ఒకే కొనుగోలు అనిపిస్తుంది. నిజానికి ఇక్కడ జరిగేవి రెండు వేర్వేరు పనులు: మీ పాత మెషీన్‌ని మీరు అమ్మారు, ఆ డీలర్ దగ్గరే కొత్తది కొన్నారు. డబ్బు చేతులు మారే దగ్గర మాత్రమే ఆ రెండూ కలుస్తాయి. ఇది మనసులో పెట్టుకుంటే ఎంట్రీలు, జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ అన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి.

ముందు బుక్ వాల్యూ సరిచేసుకోండి

10,42,667 అనేది మార్చి 31 నాటి అంకె. మెషీన్ మీ దగ్గర నుంచి వెళ్లేది సెప్టెంబర్ 30న. ఆ ఆరు నెలలూ అది మీ షెడ్డులో తిరిగింది కాబట్టి ఆ ఆరు నెలల తరుగుదల కూడా రాయాలి.

కంపెనీల చట్టం షెడ్యూల్ 2 ప్రకారం మామూలు యంత్రాలకు ఆయుష్షు 15 ఏళ్లు, చివరికి మిగిలే విలువ 5 శాతం అని తీసుకుంటారు. మీ ఆడిటర్ కూడా అలాగే, ప్రతి ఏడూ సమానంగా తగ్గించే పద్ధతిలో వేసినట్టు మీ అంకె చూస్తేనే తెలుస్తోంది. 16 లక్షల్లో 95 శాతం అంటే 15,20,000. దాన్ని 15తో భాగిస్తే ఏడాదికి 1,01,333. ఆరు నెలలకు 50,667. కొన్న రోజు నుంచి ఇచ్చేసే రోజు దాకా సరిగ్గా ఆరేళ్లు, మొత్తం తరుగుదల 6,08,000. కాబట్టి చేతులు మారే రోజున పుస్తకాల్లో విలువ 9,92,000. అందులోంచి 7,50,000 తీసేస్తే 2,42,000.

ఆ 50,667 ఎటూ పోదు, తరుగుదల ఖర్చుగా అదే ఏడాది లాభనష్టాల ఖాతాలో పడుతుంది. కానీ దాన్ని "అమ్మకంలో నష్టం" అని రాస్తే మెషీన్ మీద అంత పోగొట్టుకున్నామన్న తప్పుడు అభిప్రాయం మీకే కలుగుతుంది.

ఇక్కడ ఒక మాట అడగాలి. మీ లేత్ ఒక షిఫ్టే నడిచిందా, రెండు షిఫ్టులా? షెడ్యూల్ 2 ప్రకారం డబుల్ షిఫ్టు నడిచిన కాలానికి తరుగుదల 50 శాతం ఎక్కువ వేయాలి, ట్రిపుల్ షిఫ్టు అయితే 100 శాతం ఎక్కువ. మన దగ్గర రాత్రి పదింటి దాకా స్పిండిల్ ఆగని షాపులు కోకొల్లలు, కానీ పుస్తకాల్లో మాత్రం ఏళ్ల తరబడి సింగిల్ షిఫ్టు తరుగుదలే ఉంటుంది. మీది ఆరేళ్లూ రెండు షిఫ్టులు నడిచి ఉంటే ఏడాదికి 1,52,000 చొప్పున 9,12,000 తగ్గి ఉండాలి. అప్పుడు బుక్ వాల్యూ 6,88,000 అయ్యేది, డీలర్ కట్టిన ధర చూస్తే 62,000 లాభం కనిపించేది. మెషీన్ అదే, ధర అదే, కానీ నష్టం కాస్తా లాభమైంది. కాబట్టి ఎక్స్ఛేంజ్‌లో పెద్ద నష్టం కనిపించినప్పుడు డీలర్‌ని అనేముందు వెనక్కి తిరిగి తరుగుదల సరిగ్గా వేశామా అని చూసుకోవాలి. గత ఏళ్లలో తక్కువ వేశారని తేలితే అది పాత ఏళ్ల పొరపాటు కింద విడిగా చూపించాల్సిన విషయం, మీ ఆడిటర్‌తో కూర్చుని తేల్చుకోండి.

7.5 లక్షలు ఎవరి డబ్బు?

మీ ప్రశ్నలో నన్ను ఆపింది ఈ అంకే. ఆరేళ్లు వాడిన, 16 లక్షలకు కొన్న లేత్‌కి 7.5 లక్షలు అంటే బాగానే కట్టాడనిపిస్తుంది. కొన్నిసార్లు అది నిజమే. చాలాసార్లు మాత్రం కొత్త మెషీన్ మీద ఇవ్వాల్సిన డిస్కౌంట్‌ని పాతదాని ధరలోకి నెట్టి చూపిస్తారు. కొత్తదాని ధర జాబితాలో ఉన్నట్టే నిలబడుతుంది, కస్టమర్‌కి తన పాత మెషీన్‌కి మంచి ధర వచ్చిందన్న తృప్తి ఉంటుంది, ఇద్దరూ సంతోషంగా సంతకాలు పెడతారు.

తెలుసుకోవడం కష్టం కాదు. డీలర్‌ని రెండు కొటేషన్లు అడగండి, ఒకటి పాత మెషీన్ ఇస్తే, ఇంకోటి ఇవ్వకుండా పూర్తి డబ్బు కడితే. తర్వాత పాత మెషీన్లు కొని అమ్మే వ్యాపారులు ఇద్దరిని షాపుకి పిలిచి చూపించండి. వాళ్లు బెడ్ అరుగుదల చూస్తారు, టర్రెట్ ఇండెక్సింగ్ చూస్తారు, స్పిండిల్ చప్పుడు వింటారు, కంట్రోలర్ ఏ మోడలో అడుగుతారు, ఒక ధర చెబుతారు.

ఉదాహరణకి ఎక్స్ఛేంజ్ లేకుండా అయితే కొత్తది 26.5 లక్షలకు ఇస్తానని డీలర్ అన్నాడనుకుందాం. బయటి వ్యాపారి పాతదానికి 6 లక్షలు చెప్పాడు. అప్పుడు విషయం తేలిపోయినట్టే. పాత మెషీన్ అసలు ధర 6 లక్షలు, కొత్తదాని అసలు ధర 26.5 లక్షలు, మధ్యలో ఉన్న 1.5 లక్షలు డిస్కౌంట్. 28లోంచి 7.5 తీసినా 20.5, 26.5లోంచి 6 తీసినా 20.5. మీ జేబులోంచి పోయే డబ్బు మారదు, పుస్తకాల్లో మాత్రం మారుతుంది. కొత్త మెషీన్ 28 లక్షలకు కాకుండా 26.5 లక్షలకు ఎక్కాలి, పాతదాని మీద నష్టం 2,42,000 కాకుండా 3,92,000 అవ్వాలి.

నష్టం పెరిగిందని కంగారు పడకండి. ఆ 1.5 లక్షలని కొత్త మెషీన్ ఖరీదులో దాచిపెడితే అది పోయినట్టు కాదు, వచ్చే 15 ఏళ్లలో తరుగుదల రూపంలో కొద్దికొద్దిగా బయటపడుతుంది. మీ జాబ్‌వర్క్ గంట రేటు లెక్క కట్టేటప్పుడు ఆ పెరిగిన ఖరీదే అడ్డం వస్తుంది. ఆస్తుల లెక్కలకి సంబంధించిన అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 10 చెప్పేదీ ఇదే. మార్పిడిలో వచ్చిన ఆస్తిని మామూలుగా న్యాయమైన మార్కెట్ విలువకి ఎక్కించాలి. మనం ఇచ్చిన పాతదాని మార్కెట్ విలువ 6 లక్షలు, దానికి కట్టిన డబ్బు 20.5 లక్షలు కలిపితే 26.5 లక్షలు. డీలర్ కాగితం మీద ఏ అంకె వేశాడన్నది దీని తర్వాతి మాట.

జీడిమెట్లలో ఒక షాపు విషయం చెబుతాను. పాత వీఎంసీకి పుస్తకాల్లో 5 లక్షలు ఉంటే డీలర్ 8 లక్షలు కట్టాడు. ఆ ఏడాది 3 లక్షల లాభం చూపించారు. పార్ట్‌నర్‌లు ఇద్దరూ దాన్ని ఆ ఏటి సంపాదనగా లెక్కేసుకుని పంచుకున్నారు. ఏడాది తర్వాత అదే మోడల్ కొత్త మెషీన్‌ని పక్క షెడ్డువాళ్లు ఎక్స్ఛేంజ్ లేకుండా రెండున్నర లక్షలు తక్కువకి కొన్నారు. అప్పుడు అర్థమైంది, వాళ్లు పంచుకున్నదాంట్లో ఎక్కువ భాగం తామే కొత్త మెషీన్ ధరలో ఎక్కువ కట్టిన డబ్బని. ఆ లెక్కలు రాసింది నేనే. కొటేషన్ రెండో రకంగా అడగమని అప్పుడు నేను చెప్పలేదు. అప్పటినుంచి ఎవరు ఎక్స్ఛేంజ్ అన్నా మొదట అడిగేది ఆ రెండో కొటేషనే.

నా సలహా ఏమిటంటే, తేడా ఇలా బయటపడితే బిల్లులే 26.5 లక్షలకు, 6 లక్షలకు వేయమని డీలర్‌ని అడగండి. అతనికి వచ్చే డబ్బు తగ్గదు, మీరు కట్టేదీ పెరగదు. కాగితమూ నిజమూ ఒకటవుతాయి. ఒప్పుకోకపోతే బిల్లు 28, 7.5కే వస్తుంది. అప్పుడు ఈ 1.5 లక్షలు మీ కంపెనీ సైజుకి పెద్ద మొత్తమా కాదా చూసి ఎలా చూపించాలో ఆడిటర్ నిర్ణయిస్తారు. రెండు కొటేషన్లూ ఫైల్‌లో పెట్టుకోండి, ఆయన అడిగే మొదటి కాగితాలు అవే.

జీఎస్టీ ఎక్కడ పడుతుంది

జీఎస్టీ చట్టంలో సరఫరా అంటే డబ్బుకి అమ్మడం ఒక్కటే కాదు, మార్పిడి కూడా అందులోకే వస్తుంది. కాబట్టి మీరు పాత మెషీన్ ఇవ్వడం మీ వైపునుంచి ఒక సరఫరా, డీలర్ కొత్తది ఇవ్వడం అతని వైపునుంచి ఇంకొకటి. ఇద్దరూ ఎవరి బిల్లు వాళ్లు వేయాలి, ఎవరి ట్యాక్స్ వాళ్లు కట్టాలి.

డీలర్ 20.5 లక్షల మీదే ట్యాక్స్ వేస్తానంటే ఆ బిల్లు తీసుకోకండి. ధరలో కొంత డబ్బుగా, కొంత వస్తువుగా వచ్చినప్పుడు ఆ సరుకు బయట అమ్ముడుపోయే ధర మీదే ట్యాక్స్ వేయాలని నిబంధన. జీఎస్టీ రూల్స్‌లోనే దీనికి ఒక ఫోన్ ఉదాహరణ ఉంది. పాత ఫోన్ ఇచ్చి పైన 20,000 కట్టి కొత్త ఫోన్ తీసుకున్నారు, పాతది ఇవ్వకపోతే ఆ ఫోన్ ధర 24,000. ట్యాక్స్ 24,000 మీద పడుతుంది. మీ లేత్ సంగతీ అంతే.

బిల్లు చూడగానే తప్పు పట్టుకోవడానికి ఒక గుర్తు చెబుతాను. "పాత మెషీన్ తగ్గింపు" అన్న వరుస ట్యాక్స్ వేసే విలువకి పైన ఉంటే బిల్లు తప్పు. ట్యాక్స్ అంతా కలిపాక, కట్టాల్సిన మొత్తం తేల్చే దగ్గర కింద ఉంటే సరే.

28, 7.5 అంకెలతోనే మీ లెక్క చూద్దాం. డీలర్ బిల్లు 28,00,000, దాని మీద 18 శాతం 5,04,000, మొత్తం 33,04,000. మీ బిల్లు 7,50,000, ట్యాక్స్ 1,35,000, మొత్తం 8,85,000. మీరు డీలర్‌కి కట్టాల్సింది 24,19,000. మీ జాబ్‌వర్క్ అంతా ట్యాక్స్ ఉన్న పనే కాబట్టి 5,04,000 ఇన్‌పుట్‌గా వస్తుంది, 1,35,000 అవుట్‌పుట్‌గా మీ రిటర్న్‌లో చూపించాలి. చాలామంది మర్చిపోయేది ఈ రెండోదే. డీలర్ ఒక్క బిల్లుతో పని అయిపోయిందనుకుంటారు, తమ వైపు అమ్మకం బిల్లు వేయరు. రెండేళ్ల తర్వాత నోటీసు వస్తే అప్పుడు వడ్డీతో కట్టాల్సి వస్తుంది.

ఇన్‌పుట్ తీసుకున్న యంత్రాన్ని అమ్మితే ఇంకో లెక్క కూడా ఉంది. కొన్నప్పుడు తీసుకున్న ఇన్‌పుట్‌లోంచి ప్రతి మూడు నెలలకూ, లేదా అందులో కొంత భాగానికైనా, 5 శాతం చొప్పున తగ్గించాలి. మిగిలిన ఇన్‌పుట్, అమ్మిన ధర మీద ట్యాక్స్, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే అది కట్టాలి. ఆరేళ్లు అంటే 24 త్రైమాసికాలు, 20కే మొత్తం సున్నా అయిపోతుంది. అందుకని మీకు అమ్మిన ధర మీద 1,35,000 చాలు. ఇదే మెషీన్‌ని మూడేళ్లకే 5 లక్షలకు ఇచ్చేసి ఉంటే వేరేలా ఉండేది. 2,88,000 ఇన్‌పుట్‌లో 60 శాతం పోగా 1,15,200 మిగిలేది, 5 లక్షల మీద ట్యాక్స్ 90,000. అప్పుడు కట్టాల్సింది 1,15,200. ఐదేళ్లు నిండని మెషీన్ ఎక్స్ఛేంజ్ చేసేవాళ్లు ధర మాట్లాడుకునే ముందే ఈ అంకె తెలుసుకోవాలి, ఎందుకంటే ఆ ఎక్కువ మొత్తాన్ని డీలర్ ఇవ్వడు.

పాత మెషీన్ లారీ ఎక్కేటప్పుడు విలువ 50,000 దాటింది కాబట్టి మీ బిల్లు మీద ఈ-వే బిల్లు కూడా తీయాలి. ఇక్కడే ఒక మెలిక వస్తుంది. చాలామంది డీలర్లు పాత మెషీన్‌ని తాము తీసుకోరు, తమకు తెలిసిన వ్యాపారిని నేరుగా మీ షాపుకి పంపుతారు. మెషీన్ అతనికి వెళ్తుంది, మీ డబ్బు మాత్రం డీలర్ ఖాతాలో సర్దుబాటు అవుతుంది. అలాంటప్పుడు మెషీన్ ఎవరికి అమ్ముతున్నారో వాళ్ల పేరు మీదే బిల్లు వేయండి, డబ్బు మూడో మనిషి తరఫున సర్దుబాటు చేస్తున్నట్టు డీలర్ దగ్గర లెటర్ తీసుకోండి. బిల్లు ఒకరికి, ఈ-వే బిల్లు ఇంకొకరికి ఉన్న కేసు ఒకటి సర్దడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

టాలీలో ఎంట్రీలు

బిల్లులు 28, 7.5కే వచ్చాయనుకుని రాస్తున్నాను. ముందు ఆరు నెలల తరుగుదల 50,667 వేసేయండి. తర్వాత ఇలా:

మీ అమ్మకం బిల్లు: డీలర్ ఖాతా డెబిట్ 8,85,000. మెషీన్ అమ్మకం ఖాతా క్రెడిట్ 7,50,000, అవుట్‌పుట్ జీఎస్టీ క్రెడిట్ 1,35,000.

డీలర్ బిల్లు: కొత్త మెషీన్ డెబిట్ 28,00,000, ఇన్‌పుట్ జీఎస్టీ డెబిట్ 5,04,000. డీలర్ ఖాతా క్రెడిట్ 33,04,000.

డబ్బు కట్టినప్పుడు: డీలర్ ఖాతా డెబిట్ 24,19,000, బ్యాంకు క్రెడిట్ 24,19,000. ఇక్కడికి డీలర్ ఖాతా సున్నా కావాలి. కాకపోతే పైన ఎక్కడో తప్పు ఉన్నట్టే.

పాత మెషీన్ మూసేయడం: ఇప్పటిదాకా పోగైన తరుగుదల డెబిట్ 6,08,000, మెషీన్ అమ్మకం ఖాతా డెబిట్ 7,50,000, అమ్మకంలో నష్టం డెబిట్ 2,42,000. పాత మెషీన్ క్రెడిట్ 16,00,000.

నేను ఎక్కువగా చూసే తప్పు ఎంట్రీ ఏదంటే, కొత్త మెషీన్‌ని 20.5 లక్షలకే ఎక్కించి, పాత 16 లక్షలని, దాని తరుగుదలని అలాగే వదిలేయడం. షెడ్డులో మెషీన్ ఒకటే ఉంటుంది, రిజిస్టర్‌లో రెండు ఉంటాయి. లేని మెషీన్ మీద ఏళ్ల తరబడి తరుగుదల నడుస్తుంది. ఏటా ఒకసారి ఆస్తుల రిజిస్టర్ పట్టుకుని షెడ్డులోకి వెళ్లి సీరియల్ నంబర్లు కలిపి చూస్తే ఇది బయటపడుతుంది.

ఇన్‌కమ్ ట్యాక్స్‌లో కథ వేరు

మీ మెషీన్‌కి నిజానికి రెండు బుక్ వాల్యూలు ఉన్నాయి. కంపెనీ పుస్తకాల్లో 9,92,000. ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో ఏటా మిగిలినదాని మీద 15 శాతం తగ్గిస్తూ వస్తారు కాబట్టి 2025 ఏప్రిల్ 1 నాటికి 6,03,439. అదనపు తరుగుదల ఏదీ తీసుకోలేదని, బ్లాక్‌లో ఈ మెషీన్ ఒక్కటే ఉందని అనుకుని వేసిన లెక్క ఇది.

అక్కడ ఒక్కో మెషీన్‌కి లాభం, నష్టం చూడరు. 15 శాతం యంత్రాలన్నీ కలిపి ఒకే బ్లాక్. కొత్తది కలుపుతారు, పాతదానికి వచ్చింది తీసేస్తారు. 6,03,439కి 28,00,000 కలిపి 7,50,000 తీస్తే 26,53,439. ఇందాకటి 26.5, 6 అంకెలతో చేసినా అదే 26,53,439 వస్తుంది. ఏడాది తరుగుదల 3,98,016. కాబట్టి డిస్కౌంట్‌ని ఎటువైపు చూపించినా మామూలు తరుగుదలలో తేడా రాదు. కొత్త యంత్రం మీద అదనపు తరుగుదల తీసుకునే అర్హత ఉన్నవాళ్లకు మాత్రం కొత్తదాని ఖరీదు ఎంత అన్నది లెక్కలోకి వస్తుంది. అక్కడ ఉబ్బిన అంకె చూపించడం మంచిది కాదు.

దీనివల్ల రెండు సంగతులు. ఒకటి, పుస్తకాల్లో రాసిన 2,42,000 నష్టం ట్యాక్స్‌లో తగ్గదు. ఆదాయం లెక్క వేసేటప్పుడు దాన్ని తిరిగి కలపాలి. రెండోది తేదీల గురించి, ఇక్కడే జాగ్రత్త ఎక్కువ కావాలి.

పాతది ఇవ్వడం, కొత్తది రావడం ఒకే ఆర్థిక సంవత్సరంలో ఉండేలా చూసుకోండి. పాతది మార్చిలో ఇచ్చేసి కొత్తది ఏప్రిల్‌లో వస్తే, మార్చి 31న మీ బ్లాక్ ఖాళీ. 7,50,000లోంచి 6,03,439 పోగా 1,46,561 షార్ట్ టర్మ్ క్యాపిటల్ గెయిన్ అవుతుంది, దాని మీద ట్యాక్స్ కట్టాలి. కంపెనీ పుస్తకాల్లో నష్టం చూపిస్తున్న అదే మెషీన్ మీద! బ్లాక్‌లో వేరే మెషీన్లు బాగా ఉన్నవాళ్లకు ఈ ఇబ్బంది ఉండదు, ఒకటి రెండు మెషీన్ల షాపులకే ప్రమాదం.

అలాగే కొత్త మెషీన్ ఆ ఏడాది 180 రోజుల కంటే తక్కువ వాడితే దాని మీద సగం తరుగుదలే వస్తుంది. ఈ ఏడాదికి అక్టోబర్ 3 చివరి రోజు. లెక్క బిల్లు తేదీ నుంచి కాదు, మెషీన్ వాడకంలోకి వచ్చిన రోజు నుంచి. మీరు సెప్టెంబర్ 30 అంటున్నారు, నాకు భయం అక్కడే. నాకు తెలిసిన ఒక షాపులో బిల్లు సెప్టెంబర్ 24న అయింది, మెషీన్ 27న దిగింది. కానీ ఫౌండేషన్ కాంక్రీట్ ఇంకా ఆరలేదు, లెవెలింగ్ చేసే ఇంజినీర్ దసరా అయ్యాక వచ్చాడు. మొదటి పీస్ కట్ అయింది అక్టోబర్ 19న. సగం తరుగుదలే వచ్చింది. మీరు ఈ గడువు అందుకోవాలంటే ఫౌండేషన్ ఇప్పుడే వేయించండి, స్టెబిలైజర్, ఎర్తింగ్, ఎయిర్ లైన్ మెషీన్ రాకముందే సిద్ధం చేసుకోండి. ఇన్‌స్టలేషన్ రిపోర్టు మీద తేదీతో ఇంజినీర్ సంతకం, మొదటి జాబ్ డెలివరీ చలాన్ రెండూ ఫైల్‌లో ఉంచండి. వాడకం ఎప్పుడు మొదలైందని అడిగితే చూపించేవి అవే.

ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయంలో బుక్ వాల్యూ చూడకండి

మీ ప్రశ్నలో "నష్టమేనా" అన్న మాట వెనక ఇంకో సందేహం ఉన్నట్టు అనిపించింది. 9.92 లక్షలున్నదాన్ని 7.5కి ఇచ్చేయడం తెలివితక్కువ పనేమో అని. 9,92,000 అనేది 2019లో పెట్టిన డబ్బులో ఇంకా ఖర్చు రాయకుండా మిగిలింది, అంతే. మెషీన్ ఉంచుకున్నా అది ఏటా లక్ష చొప్పున తగ్గుతూనే ఉంటుంది. పోల్చాల్సింది వేరే వాటిని. డీలర్ నిజంగా ఇస్తున్నది ఎంత, బయట అమ్మితే వచ్చేది ఎంత, ఇంకో మూడేళ్లు ఉంచుకుంటే అది సంపాదించేది, మరమ్మతులకు తినేది ఎంత. డీలర్ నిజ ధర 6 లక్షలని తేలి, బయట వ్యాపారి 6.75 ఇస్తానంటే, కొత్తదాన్ని 26.5కి విడిగా కొని పాతదాన్ని బయట అమ్మడమే మేలు. కాకపోతే కొన్నవాడు వచ్చి తీసుకెళ్లే దాకా షెడ్డులో చోటు, డబ్బు చేతికి వచ్చే దాకా ఆలస్యం మీవి. ఇరుకు షెడ్డులకు ఆ పదిహేను రోజుల చోటు కూడా ఖర్చే.

చివరిగా ఒకటి. పాత లేత్ మీద గానీ, మీ క్యాష్ క్రెడిట్‌కి గానీ బ్యాంకు హైపోథెకేషన్ ఉందేమో చూసుకోండి. టర్మ్ లోన్ తీరిపోయినా క్యాష్ క్రెడిట్ కింద యంత్రాలన్నీ తాకట్టులోనే ఉండటం మామూలే. ఉంటే బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే మెషీన్ లారీ ఎక్కించండి. కొత్తదానికి అదే బ్యాంకు లోన్ ఇస్తుంటే ఎక్స్ఛేంజ్ మొత్తాన్ని మీ మార్జిన్‌గా లెక్కిస్తుందా అని కూడా ఆ లెటర్‌లోనే అడగండి. రెండు కొటేషన్లు వచ్చాక ఇక్కడే అంకెలు పెట్టండి, బిల్లులు వేయకముందే చూసి చెబుతాను.